క్రూజ్ కంట్రోల్‌లో డి టర్మ్ కలిపితే ఊగడం తగ్గాలి కదా, నాకెందుకు పెరిగింది?

మెక్_మూడో_ఏడు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లోనే పిఐడి మొదలైంది. క్లాసులో చెప్పింది ఇది: పి కావాల్సిన విలువకీ ఉన్న విలువకీ మధ్య తేడాకి తగ్గట్టు నెడుతుంది, ఐ మిగిలిపోయిన తేడాని తుడిచేస్తుంది, డి ఊగడాన్ని ఆపుతుంది. అర్థమైందనుకుని క్రూజ్ కంట్రోల్‌కి చిన్న సిమ్యులేషన్ రాశాను. అక్కడే చిక్కుకుపోయాను.

బండి బరువు 1000 కిలోలు. పెట్టుకున్న వేగం సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు. సమతల రోడ్డు మీద ఆ వేగం నిలబడడానికి 400 న్యూటన్ల బలం చాలు. వేగం సెకనుకి ఒక మీటరు పెరిగితే గాలి, టైర్ల నిరోధం కలిపి 30 న్యూటన్లు పెరుగుతుందని పెట్టుకున్నాను. బండి అలా పోతుండగా 3 శాతం ఎక్కుడు మొదలవుతుంది. దాని వల్ల సుమారు 300 న్యూటన్లు వెనక్కి లాగుతుంది.

Kp = 270 ఒక్కటే పెడితే వేగం తగ్గి 19 దగ్గర నిలబడిపోయింది, మళ్ళీ 20కి రాలేదు. Ki = 250 కలిపితే 20కి వచ్చింది కానీ 13 సెకన్లకోసారి చొప్పున పైకీ కిందికీ ఊగుతూ వచ్చింది. అందుకని Kd = 500 కలిపాను. ఊగడం తగ్గకపోగా ఇంకా ఎక్కువసేపు ఊగింది. 13 సెకన్లు కాస్తా 16 అయింది. Kd = 1200 పెడితే గ్రాఫ్ మొత్తం పిచ్చిగా పైకీ కిందికీ కొట్టుకుని అంకెలు అనంతానికి పోయాయి.

కోడ్ ఇది, u అంటే ఆ 400 మీద అదనంగా ఇచ్చే బలం:

```
e = v_set - v
x = x + e*dt
u = Kp*e + Ki*x + Kd*(e - e_prev)/dt
a = (u - 30*(v - v_set) - slope)/1000
v = v + a*dt
e_prev = e
```

గుర్తు తప్పు పెట్టానేమో అని నాలుగుసార్లు చూశాను. దొరకలేదు. శుక్రవారం ల్యాబ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

---

డ్రోన్_రాజు · సోమవారం, రాత్రి 9:40

గుర్తు సరిగ్గానే ఉంది తమ్ముడూ. నా లెక్కలో Kd సరిపోలేదు, అంతే. నాలుగు రెక్కల డ్రోన్లు నాలుగైదు కట్టాను. పి అంటే స్ప్రింగ్, డి అంటే డ్యాంపర్. స్ప్రింగ్ ఒక్కటే ఉంటే డ్రోన్ ఊగుతూనే ఉంటుంది, డి పెంచుకుంటూ పోతే ఒకచోట నిలబడుతుంది. నువ్వు 500 నుంచి ఒక్కసారి 1200కి దూకావు. 600, 700, 800 అలా మెల్లగా పెంచి చూడు.

---

మెక్_మూడో_ఏడు · సోమవారం, రాత్రి 10:05

చూశాను అన్నా. 600, 700, 800, 900 అన్నీ పెట్టాను. ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువసేపే ఊగుతోంది. ఒక్కసారి కూడా తగ్గలేదు.

---

లూప్_లక్ష్మి · సోమవారం, రాత్రి 10:48

ఇంజిన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను, ఈ లూప్ రోజూ చూసేదే. నీ కోడ్ సరైనదే, గ్రాఫ్ కూడా సరైనదే. చిక్కల్లా "డి ఊగడాన్ని ఆపుతుంది" అనే వాక్యంలో ఉంది. అది ప్రతి లూప్‌కీ వర్తించేది కాదు.

రాజు గారు చెప్పిన స్ప్రింగ్, డ్యాంపర్ పోలిక చాలా మంచిది. కానీ అది డ్రోన్ వంపుకి వర్తిస్తుంది. అక్కడ మనం అదుపు చేసేది కోణాన్ని, అంటే స్థానం లాంటి దాన్ని. స్థానంలో తేడాకి తగ్గట్టు నెట్టేది స్ప్రింగే. ఆ తేడా మారే వేగానికి తగ్గట్టు ఆపేది డ్యాంపరే. క్రూజ్ కంట్రోల్‌లో మనం అదుపు చేసేది వేగాన్ని. అందువల్ల అన్నీ ఒక మెట్టు జరుగుతాయి.

ఇలా ఊహించు. నీ బండి పక్కన, పక్క లేన్‌లో, ఇంకో బండి పోతోంది. అది ఊహలోని బండి. ఎక్కుడు వచ్చినా, గాలి వచ్చినా దాని వేగం సరిగ్గా 20. అంతకు తగ్గదు, పెరగదు. నీ బండికీ ఆ ఊహాబండికీ మధ్య ఏదో ఒకటి కట్టాం అనుకో.

నీ `Kp*e` ఏమిటి? రెండు బండ్ల వేగాల తేడాకి తగ్గ బలం. వేగాల తేడాకి తగ్గ బలం ఇచ్చే వస్తువు మెకానికల్ వాళ్ళకి తెలిసిందే, డాష్‌పాట్. అంటే ఈ లూప్‌లో డ్యాంపర్ పి టర్మే. నీ Kp యూనిట్లు రాసి చూడు, న్యూటన్‌ని మీటర్ పర్ సెకన్‌తో భాగించినట్టు వస్తుంది. డాష్‌పాట్ గుణకం యూనిట్లు సరిగ్గా అవే.

`Ki*x` చూడు. x అంటే వేగంలో తేడాని కాలంతో కూడుకుంటూ పోవడం. వేగాన్ని కూడితే వచ్చేది దూరం. కాబట్టి x అంటే నీ బండి ఊహాబండికి ఎన్ని మీటర్లు వెనకబడిందో అది. దూరానికి తగ్గ బలం ఇచ్చేది స్ప్రింగ్. Ki యూనిట్లు న్యూటన్ పర్ మీటర్. ఐ టర్మ్ అంటే రెండు బండ్ల మధ్య కట్టిన స్ప్రింగ్.

ఇక డి. వేగంలో తేడా మారే రేటు అంటే త్వరణం. త్వరణానికి తగ్గ బలం, అదీ త్వరణానికి ఎదురుగా. అలా ఎదురు నిలిచేది ఏమిటి? ద్రవ్యరాశి. Kd యూనిట్లు కిలోగ్రాములు. నువ్వు Kd = 500 పెట్టినప్పుడు డ్యాంపర్ కలపలేదు. వెయ్యి కిలోల బండి డిక్కీలో ఇంకో 500 కిలోలు వేశావు.

అదే స్ప్రింగ్, అదే డాష్‌పాట్, బరువు మాత్రం ఎక్కువ. ఎక్కువసేపు ఊగక ఏం చేస్తుంది?

---

మెక్_మూడో_ఏడు · సోమవారం, రాత్రి 11:20

అక్కా, ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇప్పుడే వైబ్రేషన్స్ నోట్సు తీసి లెక్క వేశాను. m = 1000, c = 270 + 30 = 300, k = 250. డ్యాంపింగ్ నిష్పత్తి 300 / (2 × √(250 × 1000)) అంటే 0.3 వచ్చింది. ఊగే కాలం 13.2 సెకన్లు. నా గ్రాఫ్‌లో ఉన్నది అదే!

m = 1500 పెడితే నిష్పత్తి 0.245, కాలం 15.9 సెకన్లు. ఇదీ నా గ్రాఫే.

మరి Kd = 1200కి ఎందుకు పేలిపోయింది? 2200 కిలోల బండి ఇంకా నెమ్మదిగా ఊగాలి కదా?

---

లూప్_లక్ష్మి · సోమవారం, రాత్రి 11:41

మంచి ప్రశ్న. అది భౌతిక శాస్త్రం తప్పు కాదు, కోడ్‌లో ఒక అడుగు ఆలస్యం వల్ల వచ్చింది. నీ `(e - e_prev)/dt` ఇప్పటి త్వరణాన్ని చూడటం లేదు, గత అడుగులోని త్వరణాన్ని చూస్తోంది. కాబట్టి ఈ అడుగు త్వరణంలో, గత అడుగు త్వరణాన్ని Kd/m తో గుణించి తీసేసిన భాగం ఒకటి ఉంటుంది. Kd 500 అయితే ఆ నిష్పత్తి 0.5. ప్రతి అడుగుకీ గుర్తు మారుతూ సగం అవుతూ చచ్చిపోతుంది. 1200 అయితే 1.2. గుర్తు మారుతూ ప్రతి అడుగుకీ పెరుగుతుంది. నీ గ్రాఫ్‌లో పైకీ కిందికీ కొట్టుకున్నది 16 సెకన్లకోసారి కాదు, ప్రతి `dt`కీ. దగ్గరగా పెద్దది చేసి చూస్తే రంపపు పళ్ళలా కనిపిస్తుంది.

dt ఎంత చిన్నది చేసినా ఇది పోదు. నిజం బండిలో కూడా కొలతకీ బలానికీ మధ్య ఆలస్యం ఉంటుంది కాబట్టి, లేని బరువుని అసలు బరువుకన్నా ఎక్కువ కలపబోతే ఇలాంటి దెబ్బే తగులుతుంది.

---

సుమ_సందేహాలు · మంగళవారం, ఉదయం 7:15

నేనూ ఈ సంవత్సరమే చదువుతున్నాను. నాకు ఒకటి మింగుడు పడలేదు. పి ఒక్కటే ఉన్నప్పుడు వేగం 19 దగ్గర ఎందుకు ఆగిపోతుంది? తేడా ఉంది కదా, ఇంకా నెట్టొచ్చు కదా?

---

పాత_గవర్నర్ · మంగళవారం, ఉదయం 8:02

ఆవిరి టర్బైన్ల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను అమ్మాయీ, ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది.

స్ప్రింగ్ తీసేసి ఒట్టి డాష్‌పాట్‌తో ఊహాబండికి కట్టావనుకో. ఎక్కుడు 300 న్యూటన్లతో వెనక్కి లాగుతోంది. దాన్ని ఎవరో ఒకరు మోయాలి. డాష్‌పాట్ బలం ఇవ్వాలంటే దాని రెండు కొసలూ వేర్వేరు వేగాలతో కదలాలి. తేడా సున్నా అయిన క్షణమే దాని బలమూ సున్నా. బలం సున్నా అయితే బండి మళ్ళీ వెనకబడుతుంది. అందుకని బలం కొనడానికి కొంత తేడాని మూల్యంగా చెల్లిస్తూనే ఉండాలి. మీ అంకెలతో 270 కంట్రోలర్‌ది, 30 గాలి తగ్గడం వల్ల కలిసొచ్చింది, మొత్తం 300. మోయాల్సింది 300. కాబట్టి తేడా సరిగ్గా సెకనుకి 1 మీటరు, అంటే గంటకి 3.6 కిలోమీటర్లు. Kpని 570 చేస్తే తేడా సగానికి వస్తుంది. ఇంకా పెంచితే ఇంకా తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు.

కంట్రోల్ లేకుండా వదిలేస్తే 30 ఒక్కటే మిగులుతుంది. మీ మోడల్ ప్రకారం వేగం సెకనుకి 10 మీటర్లు పడిపోతుంది. 10 నుంచి 1కి తెచ్చింది పి. తక్కువ పని కాదు అది.

స్ప్రింగ్ అలా కాదు. సాగి ఉన్నంత సేపూ కదలకుండానే బలం ఇవ్వగలదు. రెండు బండ్లూ ఒకే వేగంతో పోతుంటాయి, మధ్యలో స్ప్రింగ్ సాగి ఉంటుంది, 300 న్యూటన్లు అది మోస్తుంది, డాష్‌పాట్ విశ్రాంతిగా ఉంటుంది. ఎక్కుడు ఎంతుందో ఎవరూ చెప్పకుండానే స్ప్రింగ్ సాగిన పొడవులో ఆ సంగతి రాసి ఉంటుంది. ఐ టర్మ్‌ని నేను కుర్రాళ్ళకి "జ్ఞాపకం" అని చెప్పేవాణ్ణి. లక్ష్మి గారి స్ప్రింగ్ దానికన్నా బాగుంది, ఎందుకంటే కొలవొచ్చు.

ఈ తేడాని మాక్స్‌వెల్ 1868లోనే, యంత్రాల వేగాన్ని అదుపు చేసే గవర్నర్ల మీద రాసిన పేపర్‌లో పట్టుకున్నాడు. భారం మారితే వేగం కొంచెం మారి అక్కడే నిలబడే యంత్రాలని మోడరేటర్లు అన్నాడు. వేగాన్ని కచ్చితంగా పాత చోటికే తెచ్చేవాటికి మాత్రమే గవర్నర్లు అని పేరు పెట్టాడు. ఆయన లెక్కలో పి ఒక్కటే ఉన్నది మోడరేటర్, ఐ ఉంటేనే గవర్నర్.

---

హైవే_శీను · మంగళవారం, ఉదయం 9:30

మంచి టాపిక్ పెట్టారు, నాదీ ఇదే సమస్య. నా కారులో క్రూజ్ 80కి పెడితే ఘాట్ దిగేటప్పుడు 95 దాకా పోతోంది. సర్వీస్ వాళ్ళు ఏ లోపం లేదంటున్నారు. అంటే వాళ్ళు డి టర్మ్ ఎక్కువ పెట్టారంటారా? ఎలా తగ్గించాలి?

---

లూప్_లక్ష్మి · మంగళవారం, మధ్యాహ్నం 1:10

శీను గారూ, మీది వేరే సంగతి. ఏ టర్మూ కారణం కాకపోవచ్చు. పల్లంలో బండిని పట్టి ఆపాలంటే వెనక్కి లాగే బలం కావాలి. బ్రేకులు వాడని మామూలు క్రూజ్ చేతిలో ఉన్నది థ్రాటిల్ ఒక్కటే. అది పూర్తిగా మూసేశాక ఇంక చేయగలిగింది లేదు.

పై కుర్రాడి అంకెలతోనే చూడండి. సమతలం మీద 400 న్యూటన్లు ఇస్తున్నాడు. పూర్తిగా మానేస్తే 400 తగ్గుతుంది, ఇంజిన్ నిరోధాన్ని పక్కన పెడితే అంతే. 6 శాతం పల్లం సుమారు 600 న్యూటన్లతో ముందుకి నెడుతుంది. మిగిలిన 200ని గాలే ఆపాలి. సెకనుకి ఒక మీటరు వేగానికి 30 న్యూటన్ల చొప్పున లెక్కేస్తే వేగం చివరికి సెకనుకి 6.7 మీటర్లు, అంటే గంటకి 24 కిలోమీటర్లు పెరుగుతుంది. మీ బండి అంకెలు వేరు, కానీ 15 పెరగడం ఆశ్చర్యమేమీ కాదు. అలాంటి చోట కింది గేర్ వేసుకుని మీరే బ్రేకు వాడండి. క్రూజ్‌ని నమ్ముకోకండి.

---

హైవే_శీను · మంగళవారం, మధ్యాహ్నం 1:45

అర్థమైందండీ. థాంక్స్. ఇంకొకటి, ఎక్కుడు దాటి పైకి వచ్చాక నా పాత బండి కాసేపు అనవసరంగా ఉరికేది. అదీ ఇదేనా?

---

లూప్_లక్ష్మి · మంగళవారం, రాత్రి 9:25

శీను గారి రెండో ప్రశ్న అసలైనది. ఆయన బండిలో కారణం ఏమిటో ఇక్కడ కూర్చుని చెప్పలేను. గేర్ మారడం వల్ల కూడా అలా అనిపించొచ్చు. కానీ ఐ టర్మ్ రాసే ప్రతి ఒక్కరూ ఒకసారైనా చేసే తప్పు సరిగ్గా అలాగే కనిపిస్తుంది. తమ్ముడూ, ల్యాబ్‌లో నిన్ను తప్పకుండా అడుగుతారు, కాబట్టి సిమ్యులేషన్‌లో చేసి చూడు.

ముందు Ki తగ్గించు. 250 ఎందుకు పెట్టావో తెలియదు కానీ అది చాలా బిగువైన స్ప్రింగ్. c = 300 ఉన్నప్పుడు అసలు ఊగకుండా ఉండాలంటే k = 300² / (4 × 1000) = 22.5. ఆ విలువతో 3 శాతం ఎక్కుడు వస్తే వేగం ఎక్కువలో ఎక్కువ సెకనుకి 0.74 మీటర్లు తగ్గి, ఊగకుండా తిరిగి వస్తుంది. చివరికి స్ప్రింగ్ 300 / 22.5 = 13.3 మీటర్లు సాగి ఉంటుంది. అంటే నీ బండి ఊహాబండికి 13 మీటర్లు వెనక, అదే వేగంతో పోతూ ఉంటుంది.

ఇప్పుడు ఇంజిన్‌కి హద్దు పెట్టు. 400 మీద ఇంకో 1000 న్యూటన్ల కన్నా ఇవ్వలేదు అనుకో. రోడ్డుని 12 శాతం ఎక్కుడు చెయ్యి, సుమారు 1200 న్యూటన్లు. ఆ ఎక్కుడు ఒక నిమిషం ఉండి తర్వాత సమతలం అయ్యేలా పెట్టు. x ఎంత సాగిందో కూడా గ్రాఫ్ గీయి. ఏం కనిపించిందో రాయి.

---

మెక్_మూడో_ఏడు · బుధవారం, రాత్రి 8:50

చేశాను అక్కా. చూసి భయమేసింది.

5 సెకన్లకే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంది. అయినా 200 న్యూటన్లు తక్కువ పడుతోంది కాబట్టి వేగం తగ్గుతూనే పోయింది. నిమిషం అయ్యేసరికి గంటకి 72 నుంచి 50 దగ్గరికి వచ్చింది. అక్కడిదాకా ఇంజిన్ తప్పు, కంట్రోలర్ తప్పు కాదు అనుకున్నాను. కానీ ఆ నిమిషమంతా x పెరుగుతూనే ఉంది. స్ప్రింగ్ 270 మీటర్లు సాగింది! ఐ టర్మ్ ఒక్కటే 6000 న్యూటన్లు అడుగుతోంది. ఇంజిన్ దగ్గర ఉన్నది 1000.

సమతలం రాగానే 5, 6 సెకన్లలో 72కి వచ్చేసింది. అక్కడ ఆగలేదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంది. 80, 90, 100 దాటి గంటకి 110 కూడా దాటింది. తర్వాతే తగ్గడం మొదలైంది.

మీ ఊహాబండితో ఆలోచిస్తే ఎందుకో తెలిసిపోయింది. అది 270 మీటర్లు ముందుకి వెళ్ళిపోయింది, నా బండి దాన్ని పరిగెత్తి పట్టుకుంటోంది. కానీ డ్రైవర్‌కి కావాల్సింది 72 వేగం. వెనకబడిన దూరం తిరిగి కావాలని ఎవరూ అడగలేదు కదా.

---

లూప్_లక్ష్మి · బుధవారం, రాత్రి 9:30

చివరి వాక్యం ల్యాబ్‌లో అలాగే చెప్పు. దీన్నే వైండప్ అంటారు. బండిలో దీన్ని గుర్తుపట్టడం తేలిక: పెట్టుకున్న వేగం దాటాక కూడా థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంటుంది. గెయిన్ ఎక్కువై ఊగితే థ్రాటిల్ కూడా వేగంతో పాటు ఊగుతుంది. ఇందులో అది హద్దుకి అతుక్కుని ఉండిపోతుంది. వేగం గ్రాఫ్ ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. అందుకే నేను ఎప్పుడూ థ్రాటిల్ గ్రాఫ్ ముందు అడుగుతాను.

మందు సులభమే. ఇంజిన్ హద్దుకి చేరాక స్ప్రింగ్‌ని ఇంకా సాగనివ్వకు. ఊహాబండి కూడా నీతోపాటే నెమ్మదిస్తుంది అనుకో.

```
u = Kp*e + Ki*x
stuck = (u > u_max and e > 0) or (u < u_min and e < 0)
if not stuck:
    x = x + e*dt
u = min(max(u, u_min), u_max)
```

`e > 0` షరతు మర్చిపోకు. హద్దులో ఉన్నప్పుడు కూడా x తగ్గే దిశలో కదలనివ్వాలి, లేకపోతే అక్కడే ఇరుక్కుపోతుంది.

డ్రైవర్ ఓవర్‌టేక్ చేయడానికి తనే యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ ఇదే గొడవ, గుర్తు మాత్రం తారుమారు. 20 సెకన్లపాటు 72 పైన పోతే x ఆ దూరాన్ని మైనస్‌లో కూడేస్తుంది. పెడల్ వదిలాక బండి 72 కిందికి దిగి తేలుతుంది. కాబట్టి పెడల్ తొక్కినంతసేపూ x ని ఆపేయాలి.

---

మెక్_మూడో_ఏడు · బుధవారం, రాత్రి 10:15

పెట్టాను. అదే రోడ్డు, అదే ఎక్కుడు. x 10 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కేటప్పుడు 50కి తగ్గడం ఏమీ మారలేదు. పైకి వచ్చాక 75 దాకా వెళ్ళి 72కి వచ్చేసింది. 110 ఎక్కడ, 75 ఎక్కడ!

---

డ్రోన్_రాజు · గురువారం, ఉదయం 6:40

మొత్తం చదివాను. వేగానికీ స్థానానికీ తేడా నేను చూడలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ "క్రూజ్‌లో డి అంటే ఒట్టి బరువు, పనికిరాదు" అని తీర్మానించడం నాకు నచ్చలేదు. నా డ్రోన్లలో తిరిగే వేగాన్ని అదుపు చేసే లోపలి లూప్ ఉంది. అది కూడా వేగం లూపే. అందులో డి తీసేస్తే మోటార్లు వణుకుతాయి. చేతికి తెలుస్తుంది. మీ బరువు సిద్ధాంతం నిజమైతే డి తీసేస్తే ఇంకా బాగుండాలి కదా?

---

పాత_గవర్నర్ · గురువారం, ఉదయం 8:20

రాజు గారి అభ్యంతరంలో బలం ఉంది. కుర్రాడి మోడల్‌లో u అడిగిన క్షణమే బలం చక్రం దగ్గర ఉంటోంది. నిజంలో అలా ఉండదు. థ్రాటిల్ తిరగాలి, గాలి నిండాలి, టార్క్ రావాలి. డ్రోన్‌లో మోటారు వేగం పుంజుకోవాలి. ఆ ఆలస్యం ఉన్నప్పుడు లెక్క మారుతుంది.

బాబూ, ఒక పని చెయ్యి. u కీ బలానికీ మధ్య 1.5 సెకన్ల ఫస్ట్ ఆర్డర్ లాగ్ పెట్టు. ఎక్కువే, కానీ తేడా కనిపించాలని పెట్టమంటున్నాను. నీ పాత Ki = 250 తోనే, Kd లేకుండా ఒకసారి, Kd = 500 తో ఒకసారి నడుపు.

నౌకల సంగతి కూడా గుర్తు చేస్తాను. 1922లో మినోర్‌స్కీ ఓడల ఆటోమేటిక్ స్టీరింగ్ మీద రాసిన పేపర్‌లోనే ఈ మూడు టర్మ్‌ల లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ అదుపు చేసేది ఓడ ముఖం తిరిగిన దిశ, అంటే కోణం. ఓడ తిరుగుతున్న వేగాన్ని చూసి చుక్కానిని ముందే వెనక్కి తిప్పాలి. అక్కడ డి నిజంగా డ్యాంపరే. ఆ అర్థమే అన్ని క్లాసుల్లోకీ యథాతథంగా వచ్చింది కాబోలు అని నా అనుమానం.

---

మెక్_మూడో_ఏడు · గురువారం, రాత్రి 9:05

మాస్టారూ, చేశాను. లాగ్ పెట్టి Kd లేకుండా నడిపితే ఊగడం ప్రతిసారీ పెరుగుతూ పోయింది, ఆగనే లేదు. Kd = 500 పెడితే మెల్లగా తగ్గి ఆగింది. సోమవారం చూసినదానికి పూర్తిగా తలకిందులు!

లూప్ నిలబడుతుందో లేదో తేల్చే రౌత్ పట్టిక వేశాను. లాగ్ టౌ అనుకుంటే, (1000 + 30×టౌ + Kd) × 300 అనేది 1000 × టౌ × 250 కన్నా ఎక్కువ ఉండాలి. Kd లేకుండా ఎడమవైపు 3,13,500, కుడివైపు 3,75,000. నిలబడదు. Kd = 500 తో ఎడమవైపు 4,63,500. నిలబడుతుంది.

---

లూప్_లక్ష్మి · గురువారం, రాత్రి 10:00

సరైన లెక్క, రాజు గారి మాటకి ఇదే జవాబు. ఆలస్యం పెద్దదైతే డి ముందుచూపులా పనిచేస్తుంది. బలం ఆలస్యంగా వస్తుందని తెలిసి ముందే అడుగుతుంది. డ్రోన్ శరీరం తేలిక, దాని కదలికతో పోలిస్తే మోటారు లాగ్ పెద్దది. వెయ్యి కిలోల బండికి సాధారణంగా అలా కాదు.

కానీ అదే లాగ్‌తో Ki = 22.5 పెట్టి చూడు. కుడివైపు 33,750కి పడిపోతుంది. డి లేకుండానే హాయిగా నిలబడుతుంది. నా చేతికి వచ్చిన క్రూజ్ లూప్‌లలో నేను ముందు స్ప్రింగ్‌ని వదులు చేస్తాను, డి జోలికి వెళ్ళను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. వేగం కొలత నున్నగా రాదు. కొలతలో సెకనుకి 0.1 మీటరు చిన్న గంతు వచ్చిందనుకో. 0.01 సెకన్ల అడుగులో డి దాన్ని 10 మీటర్ల త్వరణం అనుకుంటుంది. Kd = 500 తో అది 5000 న్యూటన్ల ఆదేశం. లేని కుదుపుకి థ్రాటిల్ అదిరిపోతుంది. ఫిల్టర్ పెట్టొచ్చు, కానీ ఫిల్టర్ మళ్ళీ ఆలస్యమే తెస్తుంది.

---

డ్రోన్_రాజు · గురువారం, రాత్రి 10:30

ఫిల్టర్ సంగతి నిజమే, నేనూ దానితో రోజూ కుస్తీ పడతాను. కానీ స్ప్రింగ్ వదులు చేస్తే ఎక్కుడులో వేగం కోలుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది కదా. 22.5 తో ఎంతసేపు? బిగువైన స్ప్రింగూ, జాగ్రత్తగా ఫిల్టర్ చేసిన డి, రెండూ పెడితే ఇంకా త్వరగా రావచ్చని నా నమ్మకం. సెలవు దొరికితే ఇదే మోడల్ మీద చేసి గ్రాఫ్ పెడతాను.

---

లూప్_లక్ష్మి · గురువారం, రాత్రి 10:52

ఎక్కుడు మొదలైన 7 సెకన్లకి అత్యధిక తేడా, తర్వాత మరో 20 సెకన్లలో దాదాపు పూర్తిగా సర్దుకుంటుంది. లోపల కూర్చున్నవాళ్ళకి గంటకి రెండున్నర కిలోమీటర్ల తగ్గుదల తెలియదు, థ్రాటిల్ అదురు తెలుస్తుంది. అందుకే నా ఎంపిక అది. మీ గ్రాఫ్ చూస్తాను, నిజంగా బాగుంటే ఒప్పుకుంటాను. ఒక్క షరతు, కొలతలో ఆ 0.1 గంతులు కూడా కలిపి నడపండి.

---

సుమ_సందేహాలు · గురువారం, రాత్రి 11:15

ఇంకొక్కటి. 72 నుంచి 90కి సెట్ స్పీడ్ ఒక్కసారి మారిస్తే e కూడా ఒక్కసారి గంతు వేస్తుంది కదా. అప్పుడు డి టర్మ్ ఏమవుతుంది? ఊహాబండి ఒక్క క్షణంలో 90కి దూకినట్టేనా?

---

లూప్_లక్ష్మి · గురువారం, రాత్రి 11:32

సరిగ్గా అంతే. ఆ ఒక్క అడుగులో డి పిచ్చి బలం అడుగుతుంది. అందుకే డి వాడేవాళ్ళు దాన్ని e మీద కాకుండా కొలిచిన v మీదే, మైనస్ గుర్తుతో పెడతారు. ఇంకా మంచిది, ఊహాబండినే మెల్లగా వేగం పెంచుకోనివ్వడం. సెట్ స్పీడ్‌ని ఒకేసారి మార్చకుండా సెకనుకి ఇంత అని పెంచుతాం.

---

మెక్_మూడో_ఏడు · శుక్రవారం, సాయంత్రం 5:40

ల్యాబ్ అయిపోయింది. మూడు గ్రాఫులు చూపించాను, x కి విడిగా గ్రాఫ్ గీసినందుకు సార్ చాలాసేపు దాని ముందే ఆగారు. డి ఎందుకు తీసేశావని అడిగారు. కిలోగ్రాముల యూనిట్ రాసి చూపించాను.

తర్వాత ఆయన అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. మధ్యలో గేర్ మారితే థ్రాటిల్ అంతే ఉన్నా చక్రం దగ్గర బలం మారిపోతుంది కదా, అప్పుడు నీ స్ప్రింగ్ సాగిన పొడవుకి అర్థం ఏమిటి అన్నారు. గేర్‌కి ఒక Kp, Ki పెట్టుకోవాలా, లేక కంట్రోలర్ న్యూటన్లలోనే మాట్లాడి, దాన్ని థ్రాటిల్‌గా మార్చే పని వేరే చోట చేయాలా?

---

పాత_గవర్నర్ · శుక్రవారం, రాత్రి 8:10

రెండో దారి నాకు ఇష్టం. స్ప్రింగ్ న్యూటన్లలో ఉంటే ఎక్కుడు అదే కాబట్టి సాగిన పొడవూ అదే ఉంటుంది, గేర్ ఎంత మారినా. కానీ న్యూటన్లని థ్రాటిల్‌గా మార్చే ఆ పట్టిక తప్పయితే, ఆ తప్పుని కూడా స్ప్రింగే మోయాలి. మీ ఇంజిన్ల పట్టికలు ఎంత నమ్మదగినవో లక్ష్మి గారే చెప్పాలి.